ఒక్కరి మాట మీద ఖిబ్లా మారింది, మరి నమ్మకం మారదా?

*మా వాడు డిగ్రీ చదువుతున్నాడు. ఈ మధ్య నమాజులో అత్తహియ్యాత్, దరూద్ అయ్యాక సమాధి శిక్ష నుంచి శరణు కోరే దుఆ చదవడం మానేశాడు. అడిగితే "అది ఖబరె వాహిద్ అబ్బా, ఒక్కరు చెప్పిన మాట, దాంతో అఖీదా రుజువు కాదు" అంటాడు. మసీదులో మౌలానా సాబ్‌కి చెప్తే, ఆ మాటన్నవాడు హదీసునే కాదన్నట్టు అన్నారు. నమాజు ఎలా చదవాలో చెప్పడానికి సరిపోయిన హదీసు నమ్మడానికి ఎందుకు సరిపోదు? ఇద్దరిలో ఎవరిది ఒప్పు?*
*– ఒక తండ్రి, కడప*

మీ అబ్బాయి చెప్పిన సూత్రం నిన్న మొన్న పుట్టింది కాదు. ఆధారాల నుంచి నియమాలు తీసే ఉసూల్ శాస్త్ర గ్రంథాల్లో పెద్ద పెద్ద ఉలమా రాసిందే. దాన్ని తెచ్చి ఈ దుఆ మీద పెట్టడమే తప్పు. మౌలానా సాబ్ కోపానికీ ఆధారం లేకపోలేదు. కానీ ఆ సూత్రం చెప్పినవాళ్లందరినీ హదీసు కాదన్నవాళ్ల లెక్కలో వేస్తే ఇమామ్ గజాలీ, ఇమామ్ నవవీ కూడా ఆ లెక్కలోకే వస్తారు.

ముందు పేరు సంగతి. ఖబరె వాహిద్ అంటే మాటకు మాట "ఒక్కడి వార్త". సగం గందరగోళం ఈ పేరుతోనే వచ్చింది. హదీసు శాస్త్రంలో, లెక్కకు మించినంత మంది చెప్పిన ముతవాతిర్ స్థాయికి చేరని ప్రతి ఉల్లేఖనమూ ఖబరె వాహిదే, దాన్నే ఆహాద్ అనీ అంటారు. ఒకరు చెప్పినా ఆహాదే, ఐదుగురు చెప్పినా ఆహాదే. అందులో ఏదో ఒక తరంలో ఒక్కరే మిగిలితే గరీబ్ అంటారు. ఎక్కడా ఇద్దరికి తగ్గకపోతే అజీజ్, ముగ్గురికి తగ్గకపోతే మష్‌హూర్. లెక్క ఎప్పుడూ బాగా పలచబడిన తరం దగ్గరే తీస్తారు, విస్తరించిన చోట కాదు.

సహీహ్ బుఖారీ తెరవగానే కనిపించే మొదటి హదీసునే చూడండి: "ఆచరణలు సంకల్పాలపైనే ఆధారపడి ఉంటాయి." దీన్ని దైవప్రవక్త (స) నుంచి ప్రామాణికంగా చేరవేసింది ఉమర్ (రజి) ఒక్కరే. ఆయన మింబర్ మీద నిలబడి చెప్పారు, అంటే ఎదురుగా జనం ఉన్నారు. అయినా ఆయన నుంచి మనదాకా తెచ్చింది అల్‌ఖమా ఒక్కరే. అల్‌ఖమా నుంచి ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం తైమీ ఒక్కరే, ఆయన నుంచి యహ్యా బిన్ సయీద్ అన్సారీ ఒక్కరే. యహ్యా దగ్గరికి వచ్చాక మాత్రం వందల మంది విన్నారు. కింద ఎంత మంది ఉన్నా పైన వరుసగా నాలుగు తరాల్లో ఒక్కొక్కరే ఉన్నారు కాబట్టి ఇది గరీబే. అయినా నియ్యత్ గురించిన ఫిఖ్‌హ్ చర్చ ఎక్కడ మొదలైనా ఈ హదీసుతోనే మొదలవుతుంది. ఆహాద్ అంటే బలహీనం అనుకునేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. సనద్, అంటే చెప్పినవాళ్ల వరుస, సహీహా, జయీఫా అన్నది ఒక కొలత. ఎంతమంది చెప్పారన్నది వేరే కొలత.

ముతవాతిర్ అంటే ప్రతి తరంలోనూ అంతమంది చెప్పాలి. వాళ్లంతా కూడబలుక్కుని అబద్ధమాడారనడానికి గానీ, అందరూ ఒకేలా పొరబడ్డారనడానికి గానీ వీలుండకూడదు. పైగా వాళ్లు చెప్పేది కళ్లతో చూసిందో చెవులతో విన్నదో అయ్యుండాలి. వెయ్యి మంది తత్వవేత్తలు "లోకం అనాది" అన్నా అది తవాతుర్ కాదు, ఎందుకంటే అది వాళ్లు ఆలోచించి తేల్చింది, చూసి వచ్చింది కాదు. ఎంతమంది ఉండాలన్న దానికి నలుగురు, పదిమంది, నలభై, డెబ్బై అని రకరకాల అంకెలు చెప్పినవాళ్లున్నారు. ఇబ్నె హజర్ అస్కలానీ వంటివారు అసలు అంకె పెట్టడానికే ఒప్పుకోలేదు. మక్కా చూడని వాడికి మక్కా ఉందని తెలుసు. ఎంతమంది చెప్పాక తెలిసిందో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆ స్థితికి చేరితే అది తవాతుర్. "ఎవరు నా మీద ఉద్దేశపూర్వకంగా అబద్ధం కల్పిస్తారో..." అనే హదీసు ఈ తరగతిలోది. దాన్ని అరవై మందికి పైగా సహాబా ఉల్లేఖించారు.

ఇక మీరు అడిగిన అసలు మాట: ఆచరణకు ఆహాద్ ఎలా సరిపోయింది?

ఖుబాలో జరిగిన సంగతి ఇబ్నె ఉమర్ (రజి) చెప్పగా బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. జనం జెరూసలేం వైపు తిరిగి ఫజ్ర్ నమాజులో ఉన్నారు. ఒకాయన వచ్చి, రాత్రి ఖురాన్ ఆయతు దిగిందనీ కాబా వైపు తిరగమని ఆదేశం వచ్చిందనీ చెప్పాడు. వాళ్లు నమాజులో ఉన్నవాళ్లు ఉన్నట్టే తిరిగిపోయారు. అనస్ (రజి) చెప్పినది ఇంకొకటి. ఆయన అబూ తల్‌హా ఇంట్లో సారా పోస్తుండగా, అది నిషిద్ధమైందని ఒకడు వచ్చి చెప్పాడు. అబూ తల్‌హా వెంటనే ఆ కుండలు పగలగొట్టమన్నారు. రెండో మనిషి వచ్చి చెప్పేదాకా ఎవరూ ఆగలేదు. హిజ్రీ 204లో (క్రీ.శ. 820) మరణించిన ఇమామ్ షాఫయీ తన రిసాలాలో ఇలాంటి ఘటనలను ఒక్కొక్కటిగా పేర్చి, నమ్మదగిన ఒక్కరి వార్త మీద నడవడం విధి అని నిలబెట్టారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అది అర్థమైతే మిగతాదంతా తేలికే. ఖాజీ ముందు ఇద్దరు సాక్షులు నిలబడి "వీడు అప్పు తీసుకున్నాడు" అంటారు. ఖాజీ ఆ డబ్బు చేతులు మారడం చూడలేదు. సాక్షులు పొరబడి ఉండొచ్చు కూడా. ఆయనకు కలిగేది గాలిబ్ గుమాన్, అంటే నిజమేనని ఎక్కువ మొగ్గు. అయినా సాక్ష్యం సరిగా ఉన్నాక తీర్పు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆయనే దోషి. అప్పు జరిగిందన్నది గాలిబ్ గుమాన్, తీర్పు చెప్పాలన్నది మాత్రం ఖురాన్ నుంచి వచ్చిన నిశ్చయం. ఆహాద్ హదీసు మీద ఆచరణ కూడా ఇలాంటిదే. "ఈ మాట ప్రవక్త (స) అన్నారు" అనేదాంట్లో పొరబాటుకు సన్నని సందు ఉంటుంది. "ఇలాంటి వార్త అందితే దాని మీద నడవాలి" అనేదానికి సహాబా నడవడి అంతా రుజువు. అదీగాక ఆచరణకు గడువు ఉంటుంది. అసర్ వేళ దాటిపోతుంటే ఏదో ఒక వైపు తిరిగి నిలబడాల్సిందే. ప్రతిదానికీ నూటికి నూరుపాళ్ల నిశ్చయం కావాలంటే షరీఅత్‌లో మూడు వంతులు ఆగిపోతాయి.

సహాబా ప్రతిసారీ కళ్లు మూసుకుని ఒప్పుకున్నారనీ కాదు. అవ్వకు వారసత్వంలో ఆరో వంతు ఉందని ముగీరా చెప్తే, అబూబకర్ (రజి) "నీతోపాటు ఇంకెవరైనా ఉన్నారా" అని అడిగి, ముహమ్మద్ బిన్ మస్‌లమా లేచి చెప్పాకే వాటా ఇప్పించారు. ఇంట్లోకి రావడానికి మూడుసార్లు అనుమతి అడగాలన్న హదీసుకు అబూ మూసా నుంచి ఉమర్ సాక్షిని అడిగారు. అదే ఉమర్ మజూసీల దగ్గర జిజ్యా తీసుకునే విషయంలో అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ ఒక్కరి మాట మీద నడిచారు. రెండో సాక్షి వచ్చినంత మాత్రాన అది ముతవాతిర్ కాలేదు, ఆహాద్‌గానే ఉంది. వాళ్లు అడిగింది మనసు కుదుటపడడానికి. నియమంగా పెట్టి అడగలేదు.

మరి అఖీదా? అక్కడ అడిగేదే వేరు. చేతిని కట్టమంటే కడుతుంది. మనసును పూర్తిగా నమ్మమంటే ముందున్న ఆధారం ఎంతుంటే అంతే నమ్ముతుంది. అఖీదా అంటే ముడి, సందేహానికి చోటివ్వని నమ్మకం. గాలిబ్ గుమాన్ ఇచ్చే ఆధారంతో ఆ ముడి పడదన్నది అధిక సంఖ్యాక ఉసూలీల వాదన. "సత్యం విషయంలో ఊహ ఏ మాత్రం పనికిరాదు" అన్న 53:28 ఆయతు వాళ్లకు దన్ను. పైగా ఖాయమైన అఖీదాను కాదన్నవాడి మీద కుఫ్ర్ మాట వస్తుంది. పొరబాటుకు సందున్న వార్త పట్టుకుని ఒక ముస్లింను దీన్ నుంచి వెళ్లగొట్టడానికి వాళ్లు సిద్ధపడలేదు. హనఫీలు ఈ మెట్లను ఇంకా విడదీశారు. సహాబా కాలంలో కొద్దిమందే చెప్పి, తర్వాతి రెండు తరాల్లో విస్తారంగా పాకినదాన్ని మష్‌హూర్ అని వేరుగా పెట్టారు. దాన్ని కాదంటే దారి తప్పడమన్నారు గానీ కుఫ్ర్ అనలేదు.

ఖతీబ్ బగ్దాదీ తన కిఫాయాలో, నిశ్చయంగా తెలుసుకోవాల్సిన దీన్ విషయాల్లో ఖబరె వాహిద్ చెల్లదని సూటిగా రాశారు. ఆ పుస్తకం మన హైదరాబాదులోనే, దాయిరతుల్ మఆరిఫ్‌లో, హిజ్రీ 1357లో అచ్చయింది. మీ అబ్బాయి ఎక్కడ విన్నాడో గానీ, సూత్రం మాత్రం మన గడప దాకా ఎప్పుడో వచ్చింది.

ఆహాద్‌తోనూ అఖీదా రుజువవుతుందనే అవతలి పక్షం కూడా గట్టిదే. ప్రవక్త (స) ముఆజ్‌ను యమన్‌కు పంపుతూ ముందు తౌహీద్ వైపు పిలవమన్నారు. అంత పెద్ద అఖీదా మాటను ఒక్క మనిషి చేతికిచ్చి పంపారు కదా అంటారు వాళ్లు. తౌహీద్ అప్పటికే అంతటా పాకిన పిలుపు, ముఆజ్ దాన్ని వివరించడానికి వెళ్లారని ఉసూలీల జవాబు. 53:28లో తిట్టిన ఊహ బహుదైవారాధకుల అంచనా, పరీక్షించి నిలిపిన సనద్ కాదు అని కూడా ఈ అవతలి పక్షంవాళ్లు అంటారు. ఇందులో న్యాయముంది. అందెలూసియాలో ఇబ్నె హజ్మ్ నమ్మదగిన ఒక్కరి వార్త ఆచరణతోపాటు జ్ఞానాన్నీ ఇస్తుందన్నారు. ఇబ్నె సలాహ్ (మ. హి. 643) కాస్త ఇవతల నిలబడి, ఉమ్మత్ మొత్తం ఒప్పుకుంది కాబట్టి బుఖారీ, ముస్లిం ఇద్దరూ తెచ్చిన హదీసు నిశ్చయమే అన్నారు. ఇమామ్ నవవీ ఆయనతో ఏకీభవించలేదు. ఉమ్మత్ ఒప్పుకున్నది ఆచరణ తప్పనిసరి అని మాత్రమే, దాంతో గుమాన్ నిశ్చయంగా మారదన్నారు. ఇబ్నె తైమియా, ఇబ్నె హజర్ చుట్టూ ఉన్న సూచనలు చేరితే ఆహాద్ కూడా నిశ్చయాన్ని ఇవ్వగలదన్నారు. ఖుబా జనం అంత తేలిగ్గా తిరగడానికి కూడా కారణం ఇలాంటి సూచనలేనని చెప్పేవాళ్లున్నారు: ఆదేశం వస్తుందని అప్పటికే ఎదురుచూపు ఉంది, ప్రవక్త (స) పక్క ఊళ్లోనే ఉన్నారు, అబద్ధమైతే తెల్లారేసరికి బయటపడుతుంది.

అన్నిటికంటే ఆలోచింపజేసేది ఇబ్నె అబ్దుల్ బర్ర్ (మ. హి. 463) మాట. ఖబరె వాహిద్ ఆచరణను విధిస్తుంది, నిశ్చయ జ్ఞానాన్ని ఇవ్వదనే ఆయన కూడా అంటారు. ఆ వెంటనే, ఫిఖ్‌హ్, హదీసు పండితులంతా నమ్మకాల్లోనూ దాన్ని దీన్‌గానే పట్టుకుంటారని రాశారు. పైపైన చూస్తే ఇవి ఒకదానికొకటి పొసగవు. నిదానంగా చూస్తే, "దీని మీద ఒకణ్ని కాఫిర్ అనలేను" అనడానికీ "దీన్ని నమ్మను" అనడానికీ మధ్య ఆయన చాలా చోటు వదిలారు. మీ ఇంట్లో నడుస్తున్న తగువంతా ఆ చోటు కనిపించకపోవడం వల్లే.

ఇప్పుడు ఆ దుఆ సంగతి. సహీహ్ ముస్లింలో అబూ హురైరా (రజి) ఉల్లేఖనం ఇది: తషహ్హుద్ అయ్యాక నాలుగింటి నుంచి శరణు కోరండి, నరక శిక్ష నుంచి, సమాధి శిక్ష నుంచి, జీవన్మరణాల పరీక్ష నుంచి, దజ్జాల్ పరీక్ష కీడు నుంచి. ఒకే వాక్యంలో రెండు పనులున్నాయి. "చదవండి" అన్నది ఆచరణ. "సమాధిలో శిక్ష ఉంది" అన్నది నమ్మకం. మీ అబ్బాయి సూత్రం ప్రకారమే చూసినా ఆచరణ ఆహాద్‌తో రుజువవుతుంది. మరి దుఆ చదవడం ఎందుకు మానేసినట్టు? సూత్రంలో ఏ భాగం మీద నిలబడ్డాడో, ఆ భాగమే అతనికి ఎదురు చెబుతోంది. లేదని తేల్చిన దాని నుంచి శరణు కోరడం కుదరదు కదా అంటాడేమో. అయితే అతను చేసింది "నిశ్చయంగా తెలియదు" దగ్గర ఆగడం కాదు, "లేదు" అని తేల్చడం. ఆహాద్ నిశ్చయాన్ని ఇవ్వదన్నవాళ్లెవరూ దానికి విరుద్ధమైనది నిశ్చయమని అనలేదు.

రెండో సంగతి ఇంకా పెద్దది. ఒక హదీసు ఆహాదా కాదా అన్నది ఆ ఒక్క సనద్ చూసి తేల్చేది కాదు. అదే విషయం ఇంకెవరెవరు చెప్పారో పోగుచేయాలి. దానికి చేసే పని ఇది: ముందు విషయాన్ని ఒక్క వాక్యంలో పెట్టుకోవాలి, ఇక్కడ "సమాధిలో శిక్ష ఉంది" అని. తర్వాత వేర్వేరు సందర్భాల్లో, వేర్వేరు సహాబా నోట అది వచ్చిందేమో వెతకాలి. అబూ హురైరా ఒకరు. నమాజులో ప్రవక్త (స) స్వయంగా ఈ శరణు కోరేవారని ఆయిషా. ఖురాన్ సూరా నేర్పినట్టు ఈ దుఆ నేర్పేవారని ఇబ్నె అబ్బాస్. రెండు సమాధుల పక్కగా వెళ్తూ, ఒకరికి మూత్రం విషయంలో జాగ్రత్త లేనందుకు, ఒకరికి చాడీలకు శిక్ష జరుగుతోందని చెప్పి పచ్చి కొమ్మ చీల్చి పాతిన సంఘటన కూడా ఆయనదే. ఇద్దరు దూతలు వచ్చి ప్రశ్నించడం అనస్ నుంచి. గ్రహణం రోజు ప్రసంగం అస్మా బిన్తె అబూబకర్ నుంచి. బనూ నజ్జార్ తోటలో కంచరగాడిద బెదిరిన సంగతి జైద్ బిన్ సాబిత్ నుంచి. పొడవాటి హదీసు బరా బిన్ ఆజిబ్ నుంచి. సందర్భాలు వేరు, ఊళ్లు వేరు, మాటలు వేరు, మూలంలో ఉన్న సంగతి ఒకటే.

దీన్ని అర్థపరమైన తవాతుర్ అంటారు, అరబీలో తవాతుర్ మఅనవీ. పాత గ్రంథాల్లో హాతిమ్ తాయీ ఉదారత దీనికి ఉదాహరణ. ఆయన ఒంటె కోసి పెట్టాడన్న ఒక కథ, గుర్రం కోసి పెట్టాడన్న ఇంకో కథ, ఏది తీసుకున్నా ఒక్కరిద్దరు చెప్పిందే. అన్నీ కలిపితే మాత్రం ఆయన దాత అన్నదాంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఆహాద్‌తో అఖీదా రాదన్న అష్అరీ, మాతురీదీ సంప్రదాయాల ఉలమాయే సమాధి శిక్షను తమ అఖీదా పుస్తకాల్లో రాసుకున్నారు. ఫిరౌన్ జనాన్ని ఉదయం సాయంత్రం అగ్ని ముందుకు తెస్తారన్న 40:46 ఆయతును కూడా జోడించారు. బుద్ధికి పెద్దపీట వేసిన ముఅతజిలా వర్గంలో జిరార్ బిన్ అమ్ర్ కాదన్నా, అదే వర్గానికి చెందిన ఖాజీ అబ్దుల్ జబ్బార్ ఆ నిరాకరణ ఆయనకు చెందిందేనని, తమవాళ్లందరిదీ కాదని చెప్పుకున్నారు.

అదే సమయంలో ఈ విషయంలో అన్ని వివరాలూ ఒకే మెట్టు మీద లేవు. ఆ ఇద్దరు దూతల పేర్లు మున్కర్, నకీర్ అన్నది తిర్మిజీలో అబూ హురైరా నుంచి వచ్చింది, తిర్మిజీ దాన్ని హసన్ గరీబ్ అన్నారు, అంటే సహీహ్ కంటే ఒక మెట్టు కిందిది, ఒక్కరి దారిలోనే వచ్చింది. అసలు శిక్ష ఉందన్నదాని మెట్టు వేరు, ఈ పేర్ల మెట్టు వేరు. మీ అబ్బాయి తన సూత్రాన్ని సరిగ్గా వాడాలనుకుంటే ఇలాంటి చోట వాడాలి. పేర్లను ఒప్పుకుంటూనే, పేర్ల దగ్గర సందేహించినవాణ్ని కాఫిర్ అనకుండా ఉండడం దాని అర్థం. మౌలానా సాబ్‌తో మాట్లాడేటప్పుడు కూడా ఈ తేడా ముందు పెట్టండి. "ఆహాద్‌తో నిశ్చయం రాదన్నాడు" అనకుండా "ఫలానా హదీసు ఆహాదే అనుకున్నాడు" అని చెప్పండి, చర్చ సరైన చోట మొదలవుతుంది.

మీ అబ్బాయితో కూర్చున్నప్పుడు అడగాల్సినవి రెండే. నువ్వు ఆహాద్ అన్నది ఒక్క సనద్ చూసా, విషయమంతా పోగుచేసి చూశాకా? నిశ్చయం లేదన్నావా, లేదని నిశ్చయమన్నావా? ఈ రెండింటికి జవాబు వెతుక్కుంటే అతనే మళ్లీ దుఆ దగ్గరికి వస్తాడు.

ఇంతవరకు మానేసిన నమాజుల సంగతి కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. ఈ దుఆ చదివావా అని సహాబా తర్వాతి తరం పండితుడు తావూస్ తన కొడుకును అడిగారట. లేదంటే నమాజు తిరిగి చదవమన్నారట. ముస్లిం తన సహీహ్‌లో ఈ సంగతి తనకు చేరినట్టు రాశారు. మిగతా ఉలమాలో అత్యధికులు ఈ దుఆను సున్నత్‌గానే ఉంచారు, వాజిబ్ అనలేదు. మీ వాడి పాత నమాజులు తిరిగి చదవనక్కర్లేదు.